గేమ్ కన్సోల్ ధ్వని పాత స్టీరియోలో: డిజిటల్ కన్వర్టర్ చేసే పని, ఆశించదగిన నాణ్యత

టీవీలు పలచబడిన కొద్దీ వాటిలోని స్పీకర్లు కూడా చిన్నవైపోయాయి. అరచేతిలో సగం కూడా లేని ఆ స్పీకర్లు మాటలను వినిపిస్తాయి కానీ, ఆటలో వచ్చే పేలుడు శబ్దాన్నో, ఇంజన్ హోరునో, నేపథ్య సంగీతంలోని డ్రమ్మునో సరిగా పలికించలేవు. అదే ఇంట్లో ఒకప్పుడు క్యాసెట్లు వినడానికి కొన్న స్టీరియో యాంప్లిఫయర్, రెండు చెక్కపెట్టెల స్పీకర్లు అటక మీద ఉండవచ్చు. వాటిని దించి గేమ్ కన్సోల్‌కు కలుపుదామంటే మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది. యాంప్లిఫయర్ వెనుక ఎరుపు, తెలుపు గుండ్రటి సాకెట్లు ఉంటాయి. కన్సోల్ వెనుక అలాంటివి ఉండవు. హెచ్‌డీఎంఐ సాకెట్టు, కొన్ని మోడళ్లలో మూత ఉన్న ఒక చిన్న చదరపు సాకెట్టు మాత్రమే కనిపిస్తాయి.

ఆ చదరపు సాకెట్టును ఆప్టికల్ అవుట్‌పుట్ అంటారు. దానికీ, పాత యాంప్లిఫయర్‌కూ మధ్య పెట్టవలసినది డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదిగా ఉండే ఈ పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఇది ఎలా పనిచేస్తుంది, ఎలా కలపాలి, ఎంత మంచి ధ్వనిని ఆశించవచ్చు, తేడా వస్తే లోపం ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి అన్న విషయాలను ఒక ఉదాహరణతో చూద్దాం. 2013లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ 4 మోడల్‌ను, ఒక్కో ఛానెల్‌కు 10 వాట్లు ఇచ్చే పాత స్టీరియో యాంప్లిఫయర్‌ను, 8 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని ఉదాహరణగా తీసుకుందాం.

అంకెలు ఒకవైపు, వోల్టేజీ ఇంకొకవైపు

పాత యాంప్లిఫయర్‌కు తెలిసింది ఒక్కటే: ధ్వని తరంగం ఎలా పైకీ కిందికీ ఊగుతుందో అదే ఆకారంలో ఊగే చిన్న వోల్టేజీ. దాన్ని అది పెద్దది చేసి స్పీకర్‌కు పంపుతుంది. దీన్నే అనలాగ్ సంకేతం అంటాం.

కన్సోల్ లోపల ధ్వని అంకెల రూపంలో ఉంటుంది. ఆటల్లో సాధారణంగా సెకనుకు 48,000 సార్లు తరంగం ఎత్తును కొలిచినట్టుగా, ఒక్కో ఛానెల్‌కు సెకనులో 48,000 అంకెలు తయారవుతాయి. ఒక్కో అంకెను 16 బిట్లలో రాస్తే, తరంగం ఎత్తుకు 65,536 మెట్లు ఉన్నట్టు లెక్క. సెకనుకు ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం పౌనఃపున్యం వరకు ఉన్న ధ్వనిని తిరిగి నిర్మించవచ్చు. అంటే 48,000 కొలతలతో 24,000 హెర్ట్జ్‌ల లోపు ధ్వని అంతా తిరిగి వస్తుంది. మనిషి చెవి వినగలిగే పై హద్దు సుమారు 20,000 హెర్ట్జ్‌లు. వయసు పెరిగే కొద్దీ అదీ తగ్గుతుంది. కాబట్టి అంకెల్లోకి మార్చిన చోట చెవికి అందేదేదీ పోలేదు.

కన్వర్టర్ పని ఈ అంకెలను వరుసగా చదివి, ఒక్కోదానికి తగిన వోల్టేజీని పుట్టించి, మధ్యలోని మెట్లను నున్నగా చేసి ఇవ్వడం. అది ధ్వనిని పెంచదు, మెరుగుపరచదు. ఒక రూపం నుంచి మరో రూపానికి మారుస్తుంది, అంతే.

ఆప్టికల్ కేబుల్‌లో ఏం ప్రయాణిస్తుంది?

ఆప్టికల్ సాకెట్టును 1983లో తోషిబా సంస్థ తెచ్చింది. సీడీ ప్లేయర్ నుంచి యాంప్లిఫయర్‌కు అంకెలను విద్యుత్ తీగ లేకుండా పంపడం దాని ఉద్దేశం. కేబుల్ లోపల సుమారు 1 మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ తంతువు ఉంటుంది. కన్సోల్‌లోని చిన్న ఎరుపు ఎల్‌ఈడీ వెలుగుతూ ఆరుతూ ఉంటే ఆ వెలుగు తంతువు గుండా అవతలి కొసకు చేరుతుంది. అంకెలను ఏ వరుసలో పంపాలన్న నియమాన్ని సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించాయి.

ఆ నియమం ప్రకారం ఒక్కో కొలత సమయానికి ఎడమ ఛానెల్‌కు 32, కుడి ఛానెల్‌కు 32, మొత్తం 64 బిట్లు వెళతాయి. ఇందులో ధ్వనికి 24 బిట్ల వరకు చోటు ఉంది. మిగతావి ఛానెల్ గుర్తు, తప్పుల తనిఖీ వంటి వాటికి. సెకనుకు 48,000 కొలతలు కాబట్టి 64 × 48,000 = 30,72,000 బిట్లు. అంటే ఆ ఎర్ర దీపం సెకనుకు లక్షల సార్లు వెలిగి ఆరుతోందన్నమాట. మన కంటికి అది నిలకడగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గుర్తుపెట్టుకోవాలి. కన్వర్టర్ వెలుగు ఎంత ప్రకాశంగా ఉందో చూడదు. అది వెలిగిందా, ఆరిందా, ఏ క్షణంలో మారింది అన్నదే చూస్తుంది. అందువల్ల కేబుల్ కొంచెం నాసిరకమై వెలుగు తగ్గినా అంకెలు మారవు, ధ్వని మసకబారదు. వెలుగు మరీ తగ్గిపోయి వెలిగినదో ఆరినదో తేలని స్థితి వస్తే మాత్రం ధ్వని ముక్కలు ముక్కలుగా తెగుతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. మధ్యస్థంగా చెడిపోవడం దాదాపుగా ఉండదు. కాబట్టి 5 మీటర్ల లోపు దూరానికి ఖరీదైన ఆప్టికల్ కేబుల్ కొనడం వల్ల ధ్వనిలో తేడా రాదు.

కొనే ముందు చూసుకోవలసినవి

మొదటిది, మార్పు ఏ దిశలో జరుగుతుందన్నది. చూడడానికి ఒకేలా ఉండే రెండు రకాల పెట్టెలు అంగడిలో ఉంటాయి. ఒకటి డిజిటల్‌ను అనలాగ్‌గా మారుస్తుంది, మరొకటి అనలాగ్‌ను డిజిటల్‌గా మారుస్తుంది. మనకు మొదటిది కావాలి. పెట్టె మీద ఆప్టికల్ సాకెట్టు పక్కన ఇన్‌పుట్ అని, ఎరుపు తెలుపు సాకెట్ల పక్కన అవుట్‌పుట్ అని రాసి ఉండాలి. ఈ రెండూ తారుమారైతే అది మన పనికి రాదు.

రెండవది, విద్యుత్. వెలుగును వోల్టేజీగా మార్చడానికి శక్తి కావాలి. సాధారణంగా ఇవి 5 వోల్టులతో, ఫోన్ ఛార్జర్‌తో నడుస్తాయి. విద్యుత్ అవసరం లేకుండా ఒక కొస ఆప్టికల్, మరో కొస ఎరుపు తెలుపు ప్లగ్గులతో వచ్చే ఉత్త తీగ ఎవరైనా అమ్మితే అది పనిచేయదు.

మూడవది, మన స్పీకర్లు ఏ రకం. కన్వర్టర్ బయటకిచ్చేది లైన్ స్థాయి సంకేతం, గరిష్ఠంగా సుమారు 2 వోల్టులు. దీన్ని నేరుగా 8 ఓమ్‌ల స్పీకర్‌కు కలిపితే 2 ÷ 8 = 0.25 ఆంపియర్ల కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. కన్వర్టర్‌లోని చిన్న చిప్పు ఇవ్వగలిగేది కొన్ని మిల్లీ ఆంపియర్లే. కాబట్టి వెనుక రెండు తీగల క్లిప్పులు మాత్రమే ఉన్న చెక్కపెట్టె స్పీకర్లకు మధ్యలో యాంప్లిఫయర్ తప్పనిసరి. కరెంటు ప్లగ్గు ఉన్న కంప్యూటర్ స్పీకర్లయితే యాంప్లిఫయర్ వాటిలోనే ఉంటుంది, కన్వర్టర్‌ను నేరుగా కలపవచ్చు.

కలిపే క్రమం

అన్ని పరికరాల ప్లగ్గులూ తీసేసి మొదలుపెట్టాలి. స్పీకర్ తీగలను యాంప్లిఫయర్‌కు బిగించేటప్పుడు రెండు స్పీకర్లకూ ఎరుపు క్లిప్పు ఎరుపుకు, నలుపు నలుపుకు ఉండేలా చూడాలి. ఒకటి తారుమారైతే ఒక స్పీకర్ ముందుకు నెట్టినప్పుడు మరొకటి వెనక్కి లాగుతుంది. అప్పుడు అడుగు స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ధ్వని పలచగా వినిపిస్తుంది, మాటలు ఇద్దరి మధ్య నుంచి కాక ఎటునుంచో వస్తున్నట్టుంటాయి.

తర్వాత ఆప్టికల్ కేబుల్. కొత్త కేబుల్ రెండు కొసలకూ చిన్న ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి. వాటిని తీయకుండా గుచ్చితే వెలుగు సరిగా దాటదు. ప్లగ్గుకు ఒకవైపు మూలలు కోసినట్టుంటాయి. సాకెట్టు ఆకారం చూసి ఆ తీరులోనే పెట్టి నెడితే టక్కుమని కూర్చుంటుంది. కేబుల్‌ను గోడ మూలల్లో కాగితంలా మడవకూడదు. తంతువు విరిగితే అతకడం కుదరదు. కనీసం టీ గ్లాసు చుట్టూ తిరిగినంత వంపు వదలాలి.

కన్వర్టర్ నుంచి ఎరుపు, తెలుపు తీగలను యాంప్లిఫయర్ వెనుక ఆక్స్, ట్యూనర్ లేదా టేప్ ఇన్ అని ఉన్న సాకెట్లలో దేనికైనా కలపవచ్చు. ఫోనో అని ఉన్నదానికి మాత్రం కలపకూడదు. అది గ్రామఫోన్ రికార్డు సూది ఇచ్చే కొన్ని మిల్లీ వోల్టుల కోసం చేసినది. అక్కడ సంకేతాన్ని ముందుగానే వంద రెట్ల వరకు పెంచే భాగం ఉంటుంది, పైగా అడుగు స్వరాలను ఎక్కువగా, పై స్వరాలను తక్కువగా పెంచుతుంది. 2 వోల్టులు అందులో పోస్తే బొంగురుగా, చితికిపోయిన ధ్వని వస్తుంది.

కొన్ని పాత సెట్లలో ఎరుపు తెలుపు సాకెట్లకు బదులు 5 పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్టు ఉంటుంది. దానికి తగిన మార్పిడి తీగ దొరుకుతుంది. అందులో ధ్వని లోపలికి వెళ్లే పిన్నులు 3, 5. భూమి పిన్ను 2. కొన్ని తీగలను రికార్డింగ్ కోసం 1, 4 పిన్నులకు కలిపి అమ్ముతారు. అలాంటిది పెడితే ధ్వని రాదు, లేదా ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు సన్నగా వినిపిస్తుంది.

ఇప్పుడు యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించి, కన్సోల్, కన్వర్టర్ ఆన్ చేశాక చివరగా యాంప్లిఫయర్ ఆన్ చేయాలి. ఆపేటప్పుడు దాన్నే ముందు ఆపాలి. లేకుంటే కన్వర్టర్ ఆన్, ఆఫ్ అయ్యేటప్పుడు వచ్చే టప్పుమనే వోల్టేజీ పెద్దదై స్పీకర్‌ను దెబ్బతీయవచ్చు.

కన్సోల్‌కు చెప్పవలసిన మాట

తీగలన్నీ సరిగా ఉన్నా ధ్వని రాకపోవడానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం కన్సోల్ సెట్టింగు. ఆప్టికల్ కేబుల్ గుండా రెండు రకాల సమాచారం వెళ్లగలదు. ఒకటి పైన చెప్పిన ఉత్త అంకెలు, దీన్ని పీసీఎం అంటారు. రెండవది ఆరు స్పీకర్ల ధ్వనిని కుదించి మూటకట్టిన డాల్బీ లేదా డీటీఎస్ రూపం. చౌక కన్వర్టర్‌కు ఈ మూట విప్పడం తెలియదు. మూటను ఉత్త అంకెలనుకుని చదివితే హోరుమనే గోల వస్తుంది. కొన్ని పరికరాలు దాన్ని గుర్తించి మౌనంగా ఉండిపోతాయి.

ప్లేస్టేషన్ 4లో ఈ మార్గంలో వెళ్లాలి:

```
Settings
  > Sound and Screen
    > Audio Output Settings
      > Primary Output Port: DIGITAL OUT (OPTICAL)
      > Audio Format (Priority): Linear PCM
```

ఆప్టికల్‌ను ఎంచుకున్నప్పుడు మీ పరికరం ఏ రూపాలను చదవగలదని కన్సోల్ అడుగుతుంది. అక్కడ డాల్బీ, డీటీఎస్, ఏఏసీ పక్కన ఉన్న టిక్కులను తీసేయాలి. ఎక్స్‌బాక్స్ వన్ వర్గంలోనైతే `Settings`, `General`, `Volume & audio output` లోకి వెళ్లి `Optical audio` కింద `Stereo uncompressed` ఎంచుకోవాలి. ఇలా చేశాక ఆట ఆరు స్పీకర్ల కోసం తయారైనదైనా కన్సోలే దాన్ని రెండు ఛానెళ్లకు కలిపి పంపుతుంది. మధ్య స్పీకర్‌లో రావలసిన మాటలు పోకుండా రెండు పక్కలా సమానంగా వస్తాయి.

టీవీ కూడా అదే ధ్వనిని వినిపిస్తుంటే దాన్ని మ్యూట్ చేయాలి. లేకపోతే రెండూ కొద్ది తేడాతో కలిసి గుహలో మాట్లాడినట్టుంటుంది. ఆప్టికల్ దారిలో వెళ్లే ధ్వనికి టీవీ రిమోట్ వాల్యూమ్‌తో సంబంధం లేదు. ఇక మీదట ధ్వని పెంచినా తగ్గించినా యాంప్లిఫయర్ నాబ్‌తోనే.

నాబ్ కాస్త తిప్పగానే హోరెత్తుతుంటే

చాలామందికి ఎదురయ్యే వింత అనుభవం ఇది. వాల్యూమ్ నాబ్‌ను మొదటి గీత వరకు తిప్పేసరికే ధ్వని గదిని నింపేస్తుంది, అంతకంటే తక్కువలో ఒక స్పీకర్ వినిపించి మరొకటి వినిపించదు. ఇది కన్వర్టర్ లోపం కాదు. క్యాసెట్ల కాలపు యాంప్లిఫయర్లకు సుమారు 150 మిల్లీ వోల్టులు అందితే చాలు, నాబ్ పూర్తిగా తిప్పినప్పుడు పూర్తి శక్తి ఇచ్చేలా చేసేవారు. ఇప్పుడు దానికి 2,000 మిల్లీ వోల్టుల వరకు అందుతోంది, అంటే 13 రెట్లకు పైగా. నాబ్ అడుగు భాగంలో ఎడమ, కుడి ట్రాకులు సరిగ్గా ఒకేలా ఉండవు కాబట్టి ధ్వని ఒక పక్కకు ఒరుగుతుంది.

దీనికి సులువైన పరిష్కారం రెండు నిరోధకాలు. ఒక్కో ఛానెల్ తీగలో 22 కిలో ఓమ్‌ల నిరోధకాన్ని వరుసలో పెట్టి, యాంప్లిఫయర్ వైపు కొస నుంచి భూమి తీగకు 4.7 కిలో ఓమ్‌ల నిరోధకాన్ని కలపాలి. అప్పుడు యాంప్లిఫయర్‌కు అందే వోల్టేజీ 2 × 4.7 ÷ 26.7, అంటే దాదాపు 0.35 వోల్టులు. యాంప్లిఫయర్ తనూ కొద్దిగా కరెంటు తీసుకుంటుంది కాబట్టి నిజంగా అందేది ఇంకొంచెం తక్కువ. నాబ్ ఇప్పుడు మధ్య భాగంలో హాయిగా పనిచేస్తుంది. టంకం వేయడం రానివారు రేడియో మరమ్మతు చేసేవారికి ఈ లెక్క చూపిస్తే కొద్దిసేపట్లో చేసిస్తారు.

ఎంత నాణ్యత ఆశించవచ్చు?

ఇక అసలు ప్రశ్న. గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెంలో ఉంటుందంటారు. ఇక్కడి గొలుసులో ఒక్కో కొక్కాన్ని చూద్దాం.

16 బిట్ల ధ్వనిలో అతి గట్టి ధ్వనికీ, అడుగున మిగిలే రొదకూ మధ్య దూరం ఒక్కో బిట్టుకు 6 చొప్పున దాదాపు 96 డెసిబెళ్లు. శుభ్రమైన విద్యుత్ అందితే చౌక కన్వర్టర్ కూడా 90 డెసిబెళ్ల దరిదాపుల్లోకి వస్తుంది. పాత మధ్యస్థాయి యాంప్లిఫయర్లలో ఈ సంఖ్య 70, 80 మధ్య ఉండడం మామూలు. అంటే కన్వర్టర్ పుట్టించే రొద యాంప్లిఫయర్ సొంత రొద కిందే మునిగిపోతుంది.

ఇప్పుడు గదిని కూడా లెక్కలోకి తీసుకుందాం. మన స్పీకర్ 1 వాట్ అందుకున్నప్పుడు 1 మీటరు దూరంలో 86 డెసిబెళ్ల ధ్వని ఇస్తుందనుకుందాం. శక్తి పది రెట్లయితే 10 డెసిబెళ్లు పెరుగుతుంది కాబట్టి 10 వాట్ల దగ్గర అది 96. మనం కూర్చునేది 2.5 మీటర్ల దూరంలో. దానివల్ల సుమారు 8 తగ్గి 88 అవుతుంది. రెండు స్పీకర్లు కలిసి 3 కలిపితే 91. గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని ఇంకొంచెం కలుపుతుంది. ఇంట్లో ఆట ఆడుకోవడానికి ఇది ధారాళంగా సరిపోతుంది, పొరుగువారు తలుపు తట్టడానికి కూడా.

అదే గదిలో తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను 45 డెసిబెళ్ల చప్పుడు చేస్తోందనుకుందాం. దానికంటే బాగా చిన్న ధ్వనులు దానిలో కలిసిపోతాయి. అంటే మనకు నిజంగా వాడుకలోకి వచ్చేది 91కీ 45కీ మధ్యనున్న 46 డెసిబెళ్లే. కన్వర్టర్ ఇవ్వగలిగే 90లో సగం మాత్రమే మనం వాడుకుంటున్నాం. రెట్టింపు ఖరీదైన కన్వర్టర్, 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని పెట్టె మీద రాసిన అంకెలు ఈ గదిలో ఎందుకు తేడా చూపవో ఈ లెక్క చెబుతుంది. ఆట నుంచి వచ్చేది 48 కిలోహెర్ట్జ్‌లే అయినప్పుడు, పరికరం 192ను అందుకోగలగడం వల్ల కొత్తగా చేరే వివరమేదీ లేదు.

అసలు హద్దు స్పీకర్లది. 5, 6 అంగుళాల శంఖువు ఉన్న స్పీకర్ 60 హెర్ట్జ్‌ల కంటే కిందికి దిగేసరికి బలహీనపడుతుంది. పేలుడులో గుండెను తాకే 30, 40 హెర్ట్జ్‌ల భాగం మందంగా మాత్రమే వస్తుంది. అయినా టీవీ స్పీకర్లు 150, 200 హెర్ట్జ్‌ల దగ్గరే చేతులెత్తేస్తాయి కాబట్టి, తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. మాటలకు నిండుదనం వస్తుంది, ఎడమ కుడి విడివిడిగా వినిపిస్తాయి, శత్రువు ఏ పక్కనుంచి వస్తున్నాడో అడుగుల చప్పుడు చెబుతుంది. వెనుక నుంచి వచ్చే ధ్వనిని మాత్రం రెండు స్పీకర్లు వెనుక నుంచి వినిపించలేవు.

ఆలస్యం గురించి కూడా చాలామంది అడుగుతారు. ఇలాంటి సాదా కన్వర్టర్‌లో ధ్వని ఆగేది ఒకటి రెండు మిల్లీ సెకన్ల లోపే. గాలిలో ధ్వని ఒక మిల్లీ సెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. 2.5 మీటర్ల దూరం దాటడానికే దానికి 7 మిల్లీ సెకన్లు కావాలి. కాబట్టి కన్వర్టర్ తెచ్చే ఆలస్యం కుర్చీని ఒక అడుగు వెనక్కి జరిపినంత. బ్లూటూత్‌తో కలిపితే 100 నుంచి 200 మిల్లీ సెకన్ల ఆలస్యం సాధారణం. తుపాకీ పేలాక చప్పుడు వినిపిస్తుంది. తీగ దారిని ఎంచుకోవడానికి ఇదొక్కటి చాలు.

ఇందుకు భిన్నంగా, కొన్నిసార్లు చప్పుడు ముందు వచ్చి బొమ్మ తర్వాత వస్తుంది. అది టీవీ బొమ్మను మెరుగులు దిద్దడానికి తీసుకునే సమయం. టీవీలో గేమ్ మోడ్ పెడితే ఇది చాలావరకు సర్దుకుంటుంది.

చప్పుడును బట్టి జబ్బు

అంకెల భాగంలో లోపం ఒక తీరుగా, వోల్టేజీ భాగంలో లోపం మరో తీరుగా వినిపిస్తుంది. ఈ తేడా పట్టుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

ధ్వని అసలు లేకపోవడం, మధ్యమధ్య తెగడం, చిటపటలు, హోరుమనే గోల ఉంటే లోపం డిజిటల్ వైపు ఉంది. కన్వర్టర్ వైపు ఆప్టికల్ ప్లగ్గును తీసి కాగితం ముక్క ఎదుట పెట్టండి. ఎర్రటి చుక్క పడితే కన్సోల్, కేబుల్ బాగున్నాయి. సెట్టింగునో కన్వర్టర్‌నో అనుమానించాలి. చుక్క లేకపోతే ప్లగ్గు కన్సోల్‌లో సరిగా కూర్చోలేదు, లేదా తంతువు విరిగింది. మెనూలో నొక్కినప్పుడు వచ్చే చిన్న టిక్కుల మొదటి భాగం మింగేస్తుంటే అది పెద్ద లోపం కాదు. కొంతసేపు సంకేతం ఆగి మళ్లీ మొదలైనప్పుడు కన్వర్టర్ దాని లయను పట్టుకోవడానికి క్షణకాలం తీసుకుంటుంది.

గుంయ్‌మనే హమ్ము, సన్నటి ఈల, ఒకే పక్క ధ్వని, బొంగురుతనం ఉంటే లోపం అనలాగ్ వైపు ఉంది. హమ్ము విషయంలో ముందుగా చూడవలసింది కన్వర్టర్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందన్నది. ఆప్టికల్ కేబుల్‌లో లోహం లేదు కాబట్టి కన్సోల్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య విద్యుత్ సంబంధం ఉండదు. కానీ కన్వర్టర్‌ను కన్సోల్ లేదా టీవీ యూఎస్‌బీ సాకెట్టు నుంచి నడిపిస్తే ఆ సంబంధం దొడ్డిదారిన తిరిగి వచ్చేస్తుంది. భూమి తీగల గుండా 50 హెర్ట్జ్‌ల కరెంటు తిరిగి హమ్ముగా వినిపిస్తుంది. తెరమీద బొమ్మ కదిలినప్పుడల్లా మారే గీరుడు కూడా కలవవచ్చు. విడిగా ఒక ఫోన్ ఛార్జర్ పెడితే చాలాసార్లు అంతా శుభ్రమవుతుంది. ఛార్జర్ పెట్టాక సన్నటి ఈల మొదలైతే ఆ ఛార్జర్ నాసిరకం. మరొకటి పెట్టి చూడాలి.

ఒకే పక్క ధ్వని వస్తుంటే కన్వర్టర్ దగ్గర ఎరుపు, తెలుపు ప్లగ్గులను ఒకదాని చోట ఒకటి పెట్టండి. మౌనం రెండో స్పీకర్‌కు మారితే లోపం కన్వర్టర్‌లోనే ఉంది. మౌనం అదే స్పీకర్‌లో ఉండిపోతే లోపం ఆ ప్లగ్గుల నుంచి స్పీకర్ వరకు ఉన్న దారిలో, అంటే తీగలోనో యాంప్లిఫయర్‌లోనో స్పీకర్‌లోనో ఉంది. తర్వాత ఇదే మార్పిడిని యాంప్లిఫయర్ వైపు కొసల దగ్గర చేస్తే తీగ సంగతి తేలుతుంది. యాంప్లిఫయర్‌ను ఆపి స్పీకర్ తీగలను మార్చి చూస్తే మిగతా రెండింటిలో ఏదో తేలుతుంది.

అటక మీద ఏళ్ల తరబడి ఉన్న సరుకుకు తనవైన జబ్బులు ఉంటాయి. నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే లోపలి ట్రాకు మీద దుమ్ము చేరింది. అడుగు స్వరాల దగ్గర మాత్రమే స్పీకర్ దడదడలాడితే ముందు జాలీ తీసి శంఖువు అంచును చూడండి. అంచు నురుగుతో చేసినదైతే తేమకూ కాలానికీ పొడిపొడిగా రాలిపోతుంది. అంచు మార్చడం కుదురుతుంది కానీ, ఆ స్థితిలో గట్టిగా వాడితే లోపలి తీగచుట్ట రాసుకుని స్పీకర్ పూర్తిగా పోతుంది. యాంప్లిఫయర్ పెట్టెను మాత్రం మీరు విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది.

ఏది కన్వర్టర్ తప్పో, ఏది పాత సెట్టు తప్పో తేలకపోతే ఫోన్ ఇయర్‌ఫోన్ సాకెట్టును అదే ఆక్స్‌కు కలిపి తెలిసిన పాట ఒకటి వినండి. ఫోన్ నుంచి కూడా అదే దడ, అదే గరగర వస్తే కన్వర్టర్ నిర్దోషి.

ఆప్టికల్ సాకెట్టు లేని కన్సోళ్లు

మొదటి ప్లేస్టేషన్ 4లోనూ, ప్రో మోడల్‌లోనూ ఆప్టికల్ సాకెట్టు ఉంది. 2016లో వచ్చిన స్లిమ్ మోడల్‌లో తీసేశారు. ఎక్స్‌బాక్స్ వన్ వర్గంలో ఉంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లోనూ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలోనూ లేదు. వీటిలో ధ్వని హెచ్‌డీఎంఐ గుండా టీవీకి చేరుతుంది కాబట్టి అక్కడి నుంచే తీసుకోవాలి. టీవీకి ఇయర్‌ఫోన్ సాకెట్టు ఉంటే ముందు దాన్నే ప్రయత్నించండి. కన్వర్టర్ అవసరమే ఉండకపోవచ్చు. టీవీకి ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే టీవీ ధ్వని మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎంగా మార్చి, పైన చెప్పినట్టే కన్వర్టర్ కలపవచ్చు. ఈ దారిలో ధ్వని టీవీ లోపలి నుంచి రావడం వల్ల బొమ్మతో కలిసి వచ్చే అవకాశం ఎక్కువ.

మూడో దారి, కన్సోల్‌కూ టీవీకీ మధ్య పెట్టి హెచ్‌డీఎంఐ నుంచి ధ్వనిని విడదీసే పెట్టె. ఇందులో బొమ్మ కూడా ఆ పెట్టె గుండా వెళుతుంది. కాబట్టి సెకనుకు 120 ఫ్రేములు, 4కే వంటి వాటిని అది మోయలేకపోతే ధ్వని కోసం బొమ్మను తగ్గించుకున్నట్టవుతుంది. బొమ్మను కూడా పాత టీవీల పసుపు సాకెట్టుకు మార్చే చౌక పెట్టెతో దీన్ని పొరబడవద్దు. అందులో ధ్వని బాగానే వచ్చినా బొమ్మ పాతకాలపు టీవీ స్థాయికి పడిపోతుంది.